హిస్టరీ తుడిచినా ఆగని నోటిఫికేషన్లు

"ఒరేయ్, నా ఫోన్‌లో 4 వైరస్‌లు ఉన్నాయట. బ్యాటరీ 28 శాతం పాడైపోయిందట. నిమిషానికోసారి టింగ్ టింగ్ మంటోంది, ఏం చెయ్యను?" అని పిన్ని ఫోన్ చేసింది. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. అప్పటికే ఎవరో చెప్పారని రెండుసార్లు హిస్టరీ క్లియర్ చేసిందట. ఇంకెవరో చెప్పారని ఒక క్లీనర్ యాప్ కూడా వేసిందట. టింగ్ టింగ్ మాత్రం ఆగలేదు.

సాయంత్రం వెళ్లి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. పైనుంచి కిందికి లాగితే ఒకటే వరస. ఎర్ర త్రిభుజంలో ఆశ్చర్యార్థకం, "వెంటనే స్కాన్ చేయండి". ఆకుపచ్చ ఫోన్ బొమ్మ, "మీకు 2 మిస్డ్ కాల్స్". బహుమతి డబ్బా బొమ్మ, "మీరు ఎంపికయ్యారు". బొమ్మలు రకరకాలుగా ఉన్నా ప్రతిదాని మీదా చిన్న అక్షరాలతో ఒక సైట్ అడ్రస్ ఉంది, దాని పక్కన బ్రౌజర్ పేరు. పిన్ని అది చూడలేదు. అలాంటప్పుడు ఎవరూ చూడరు కూడా, కళ్లు ఎర్ర త్రిభుజం దగ్గరే ఆగిపోతాయి.

అసలు చూడాల్సింది ఆ చిన్న అక్షరాలనే. నోటిఫికేషన్‌లో బొమ్మ, శీర్షిక, లోపలి మాటలు అన్నీ పంపే సైట్ ఇష్టం. యాంటీవైరస్ బొమ్మ పెట్టొచ్చు, మెసేజింగ్ యాప్ బొమ్మ పెట్టొచ్చు. ఆ అడ్రస్‌ను మాత్రం బ్రౌజరే రాస్తుంది, సైట్ దాన్ని మార్చలేదు. ఏ నోటిఫికేషన్ మీదైనా సైట్ అడ్రస్ కనిపిస్తే, అది ఫోన్ చెప్పిన మాట కాదు, ఎక్కడో ఉన్న ఒక వెబ్‌సైట్ చెప్పిన మాట. మీ ఫోన్‌లో ఎన్ని వైరస్‌లున్నాయో, బ్యాటరీ ఎంత పాడైందో చూసే దారి వెబ్‌సైట్‌కి లేదు. ఆ 4, ఆ 28 ఎవరి ఫోన్‌కి పంపినా అవే అంకెలు.

మరి ఆ సైట్ ఇంట్లోకి ఎలా వచ్చింది? పిన్నిని అడిగితే మొదట "నేనేం నొక్కలేదు" అంది. కాస్త ఆగి, "ఒక పాట సాహిత్యం కోసం వెతికాను. నేను రోబోను కాదని చెప్పడానికి Allow నొక్కమంది, నొక్కాను" అంది. అదీ సంగతి. రోబో పరీక్షలు నిజంగానే ఉంటాయి. ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు ఎంచుకోమంటాయి, లేదా ఒక చదరంలో టిక్ పెట్టమంటాయి. నోటిఫికేషన్ అనుమతికీ వాటికీ ఏ సంబంధమూ లేదు. పేజీలో పెద్ద అక్షరాలతో "రోబో కాకపోతే Allow నొక్కండి" అని రాసి, సరిగ్గా అదే సమయానికి బ్రౌజర్ చేత నిజమైన అనుమతి పెట్టె తెప్పిస్తారు. పెట్టె అబద్ధం చెప్పదు. ఈ సైట్ నోటిఫికేషన్లు పంపాలనుకుంటోంది అనే రాసి ఉంటుంది. కానీ అప్పటికే మనం దాన్ని రోబో పరీక్షగా చదివేసి ఉంటాం.

సైట్ వైపు నుంచి ఆ పెట్టెని తెప్పించడానికి పెద్ద కష్టం కూడా అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క చాలు:

```
Notification.requestPermission()
```

Allow నొక్కగానే రెండు పనులు జరుగుతాయి. ఒకటి, "ఈ అడ్రస్‌కి నోటిఫికేషన్ అనుమతి ఉంది" అని బ్రౌజర్ తన సెట్టింగుల్లో రాసుకుంటుంది. రెండు, సైట్ తనకి చెందిన ఒక చిన్న ప్రోగ్రాంని మీ బ్రౌజర్‌లో దించుతుంది. దీన్ని సర్వీస్ వర్కర్ అంటారు. దానితోపాటు మీ బ్రౌజర్‌కి సందేశాలు చేరేలా ఒక ప్రత్యేకమైన చిరునామా తయారవుతుంది, సైట్ దాన్ని తన సర్వర్‌లో దాచుకుంటుంది. ఇక ఆ చిరునామాకి సందేశం వచ్చినప్పుడల్లా సర్వీస్ వర్కర్ లేచి, నోటిఫికేషన్ చూపించి, మళ్లీ పడుకుంటుంది. అందుకే ట్యాబ్ మూసేసినా, బ్రౌజర్ తెరవకపోయినా అర్ధరాత్రి టింగ్ మంటుంది.

ఇందులో మొదటిది అనుమతి, రెండోది సైట్ డేటా. రెండూ ఒకే బ్రౌజర్‌లో ఉన్నా వేర్వేరు అరల్లో ఉంటాయి. పిన్ని తుడిచింది ఈ రెండూ కాదు, మూడో అర. హిస్టరీ అంటే ఏయే పేజీలు చూశారో రాసి ఉన్న జాబితా, అంతే. వచ్చిపోయిన వాళ్ల పేర్లు రాసుకున్న పుస్తకం చించేస్తే, తాళంచెవి తీసుకెళ్లినవాడు దాన్ని వెనక్కి తెచ్చి ఇవ్వడు కదా.

ఆమె చేసినదాంట్లో ఇంకో చిన్న లోపం కూడా ఉంది, ఇది చాలామందికి తగులుతుంది. క్రోమ్‌లో Delete browsing data నొక్కితే పైన ఎంతకాలం వెనక్కి తుడవాలో అడుగుతుంది. ముందుగా ఎంచి ఉండేది చాలాసార్లు చివరి 15 నిమిషాలో, గంటో మాత్రమే. పిన్ని ఆ పాట వెతికింది అంతకు రెండు నెలల ముందు. కాబట్టి ఆమె సరైన గడికే టిక్ పెట్టి ఉన్నా ఆ సైట్ చెక్కుచెదిరేది కాదు.

ముందు తలుపు, తర్వాత సామాను

ఇక్కడ వరస ముఖ్యం. డేటా ముందు తుడిచి అనుమతి అలాగే వదిలేస్తే ఏమవుతుందో చూడండి. సర్వీస్ వర్కర్ పోతుంది, చిరునామా పనిచేయడం మానేస్తుంది, ఆ రోజుకి హాయిగానే ఉంటుంది. కానీ అనుమతి అరలో Allow అలాగే ఉంది. మళ్లీ ఎప్పుడైనా ఆ సైట్‌లో అడుగు పెట్టారంటే అది ఒక్క మాట కూడా అడగకుండా కొత్త సర్వీస్ వర్కర్‌ని దించి, కొత్త చిరునామా తీసుకుంటుంది. "నేను క్లియర్ చేశాను, వారానికే మళ్లీ మొదలైంది" అనేవాళ్ల కథ తరచుగా ఇదే.

అందుకని మేము ముందు అనుమతుల దగ్గరికి వెళ్లాం. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో కుడివైపు మూడు చుక్కలు, Settings, అందులో Site settings, అందులో Notifications. పైన ఒక స్విచ్ ఉంటుంది, సైట్లు నోటిఫికేషన్ల కోసం అడగవచ్చా లేదా అని. పిన్ని దాన్ని చూసి, "అదేదో ఆపేస్తే పోలా?" అంది. ఆపాం. కానీ దాంతో అయిపోదు. ఆ స్విచ్ ఇకమీదట వచ్చే కొత్త సైట్ల గురించి మాత్రమే. ఇప్పటికే Allow పొందిన సైట్లు కింద విడిగా జాబితాలో ఉంటాయి, వాటికి ఈ స్విచ్‌తో పని లేదు. పెళ్లి భోజనాల దగ్గర గేటు మూసినంత మాత్రాన లోపల కూర్చున్నవాళ్లు లేచిపోతారా?

పిన్ని ఫోన్‌లో లోపల కూర్చున్నవి 11. ఆమె గుర్తుపట్టినవి రెండే, ఒక వార్తల సైట్, ఒక మెయిల్. ఇంకొకటి పాటల సైట్, ఇంకొకటి ఫోటోని పీడీఎఫ్ చేసే సైట్. మిగిలిన 7 చూస్తే అన్నీ ఒకే పేరు, ముందు ఒక్క ముక్క తేడా. అసలు పేరు వద్దు కానీ, ఇలా ఉన్నాయి:

```
https://a1.bahumati.example
https://a2.bahumati.example
https://a3.bahumati.example
```

ఇది పొరపాటున వచ్చింది కాదు. బ్రౌజర్ లెక్కలో అనుమతి అనేది మొత్తం అడ్రస్‌కి ఇస్తారు. ముందున్న a1 మారి a2 అయితే అది వేరే సైట్ కిందే లెక్క. మీరు a1 దగ్గర Block నొక్కితే బ్రౌజర్ ఆ మాట గుర్తుంచుకుంటుంది, a1 మళ్లీ అడగలేదు. అందుకని పేజీ మిమ్మల్ని వెంటనే a2 కి పంపుతుంది, అక్కడ మళ్లీ కొత్తగా అడుగుతుంది. అక్కడా Block అంటే a3. విసుగొచ్చి ఎక్కడో ఒకచోట Allow నొక్కేదాకా ఇదే ఆట. పిన్ని ఏడుసార్లు విసుగుపడిందన్నమాట. బ్రౌజర్‌కీ కొంత రక్షణ ఉంది. పెట్టెకి జవాబు చెప్పకుండా మూడుసార్లు మూసేస్తే క్రోమ్ ఆ అడ్రస్‌ని ఓ వారంపాటు అడగనివ్వదు. కానీ అడ్రస్ మార్చుకుంటూ పోయేవాడి ముందు ఆ లెక్క ఏం నిలుస్తుంది?

అందుకే నేను ఒక్కో సైట్‌ని Block చేసుకుంటూ కూర్చోవడం కంటే పై స్విచ్ ఆపేయడమే మేలంటాను. అది ఆపాక a8 వచ్చినా, a80 వచ్చినా అడిగే దారే ఉండదు. మెయిల్‌కి, వార్తలకి నోటిఫికేషన్ కావాలనుకుంటే వాటి అనుమతి జాబితాలో అలాగే ఉంచొచ్చు, స్విచ్ వాటి జోలికి పోదు. పిన్ని వార్తలది కూడా తీసేయమంది. మెయిల్ ఒకటి మిగిలింది.

తీసేసేటప్పుడు ఇంకో విషయం. జాబితాలో ఒక సైట్ పేరు నొక్కితే Block చేయొచ్చు, లేదా అనుమతిని మొదటికి తేవచ్చు. మొదటికి తేవడమంటే "ఈ సైట్ గురించి నేనేమీ అనలేదు" అని చెప్పడం. పై స్విచ్ ఆన్‌లో ఉండగా ఇలా చేస్తే ఆ సైట్ మళ్లీ వచ్చి మళ్లీ అడుగుతుంది. స్విచ్ ఆపాక చేస్తే అది తనంతట తాను బ్లాక్ అయిన లెక్కలోకే వస్తుంది. స్విచ్‌ని ముందు ఆపడం వెనక కారణం ఇదే.

ఇదంతా వెతుక్కునే ఓపిక లేకపోతే దగ్గరి దారి ఉంది. ఆండ్రాయిడ్ 8 నుంచి ఒక్కో సైట్ నోటిఫికేషన్లని ఫోన్ విడి విడి చానెళ్లుగా చూస్తుంది. విసిగించే నోటిఫికేషన్ వచ్చినప్పుడు దాన్ని నొక్కకుండా, వేలితో అదిమిపట్టి ఉంచండి. గేర్ బొమ్మో, ఆపేసే మాటో కనిపిస్తుంది. అక్కడ ఆపితే ఆ ఒక్క సైట్ నోరు మూతపడుతుంది. కొత్త వెర్షన్లలో నోటిఫికేషన్ కిందే Unsubscribe అనే బటన్ కూడా క్రోమ్ పెడుతోంది. అయితే ఇక్కడ ఒక గోతిని చూసుకుని నడవాలి. నోటిఫికేషన్ కింద సైట్ కూడా తన సొంత బటన్లు రెండు పెట్టుకోవచ్చు, వాటి మీద ఏం రాయాలన్నది దాని ఇష్టం. "మూసివేయి" అని రాసి, నొక్కితే ప్రకటన తెరిచేవి నేను చూశాను. అందుకే నాకు బటన్ల కంటే అదిమిపట్టడమే నచ్చుతుంది. అప్పుడు వచ్చేది ఫోన్ సొంత పెట్టె, అందులో సైట్ ఏమీ రాయలేదు.

ఐఫోన్ వాడేవాళ్లకి ఈ భాగంలో పెద్దగా బాధ లేదు. సఫారీలో మామూలు వెబ్‌సైట్ నోటిఫికేషన్ అనుమతి అడగలేదు. 2023లో వచ్చిన ఐఓఎస్ 16.4 నుంచి అవకాశం ఇచ్చారు కానీ, ఆ సైట్‌ని మీరే హోమ్ స్క్రీన్ మీద పెట్టుకుంటేనే. అక్కడి మోసగాళ్లు వేరే దారి పట్టారు. తమ క్యాలెండర్‌కి Subscribe నొక్కించి "వైరస్ ఉంది" అని అందులో అపాయింట్‌మెంట్లు రాస్తారు. క్యాలెండర్ యాప్‌లో కింద క్యాలెండర్ల జాబితా తెరిచి, మీకు తెలియనిదాన్ని Unsubscribe చేస్తే అది పోతుంది.

దారి మళ్లింపు, మన వేలే ఇచ్చే అనుమతి

పిన్ని రెండో ఫిర్యాదు, "పాట చదువుదామని ఎక్కడ తాకినా ఇంకేదో తెరుచుకుంటోంది." ఆమె ఎదురుగానే ఆ పాటల సైట్ తెరిచాను. రెండో చరణం మీద తాకాను. కొత్త ట్యాబ్‌లో ఒక పేజీ, అది క్షణంలో మారి ఇంకొకటి, అదీ మారి చివరికి యాప్ స్టోర్‌లో ఏదో క్లీనర్ యాప్. ఆమె వేసుకున్న క్లీనర్ కూడా బహుశా ఇలాగే వచ్చి ఉంటుంది. దాన్ని అక్కడికక్కడే తీసేశాం.

Site settings లో Pop-ups and redirects అని ఒకటి ఉంది. పిన్ని ఫోన్‌లో అది ముందునుంచీ బ్లాక్‌లోనే ఉంది. మామూలుగా అందరికీ అలాగే ఉంటుంది. మరి ఎందుకు ఆపలేదు?

బ్రౌజర్ ఒక సూత్రం మీద పనిచేస్తుంది. మీరు తాకకుండా పేజీ తనంతట తాను కొత్త కిటికీ తెరవబోతే ఆపుతుంది. మీరు తాకిన తర్వాత తెరిస్తే, అది మీకు కావలసిందే అనుకుంటుంది. ఈ సూత్రం లేకపోతే బ్యాంకు సైట్‌లో రసీదు చూడటానికి నొక్కినా కొత్త ట్యాబ్ తెరుచుకోదు. ప్రకటనలవాళ్లు దీన్నే వాడుకున్నారు. పేజీ మొత్తం మీద గాజు పలకలాంటి, కంటికి కనిపించని ఒక పొర పరుస్తారు. మీరు పాట మీద తాకానని అనుకుంటారు, తాకింది ఆ పొరని. తాకారు కాబట్టి బ్రౌజర్ ఒప్పుకుంటుంది. మొదటి తాకు ప్రకటనకి పోయి, రెండో తాకు నుంచి పేజీ బాగానే పనిచేస్తే, అది చాలావరకు ఇలాంటి ఎత్తే అనుకోవచ్చు.

ఇంకో రకంలో కొత్త ట్యాబ్ ఉండదు. మీరున్న పేజీయే వేరే చోటికి వెళ్లిపోతుంది. పేజీలో ఒక మూల ఫ్రేములో ఉన్న ప్రకటన అలా లాక్కుపోవాలని చూస్తే క్రోమ్ 2018 నుంచి ఆపుతోంది. కానీ సైట్ యజమాని స్వయంగా అలా లాక్కుపోయే స్క్రిప్టుని, అంటే పేజీలో నడిచే చిన్న ప్రోగ్రాంని, తన పేజీలోనే పెట్టుకుంటే, లేదా సైట్‌ని ఎవరో హ్యాక్ చేసి పెడితే, బ్రౌజర్ కళ్లకి అది సైట్ సొంత నిర్ణయమే. హ్యాక్ అయిన సైట్లలో ఒక తమాషా కనిపిస్తుంది. కంప్యూటర్‌లో తెరిస్తే శుభ్రంగా ఉంటుంది, అడ్రస్ టైప్ చేసి వెళ్లినా బాగానే ఉంటుంది. ఫోన్‌లో వెతికి, ఆ ఫలితం నొక్కి వెళితేనే ఎక్కడికో తీసుకుపోతుంది. యజమాని తన సైట్‌ని వెతికి చూసుకోడు కదా, అందుకే అతనికి నెలలపాటు తెలియదు.

పాప్-అప్ సెట్టింగు ఇక్కడ చేయగలిగింది చేసేసింది. దానిపైన ఇంకేమైనా కావాలంటే ప్రకటన స్క్రిప్టు అసలు ఫోన్‌లోకి రాకుండా ఆపాలి. అందుకు నాకు పనికొచ్చిన దారులు మూడు.

ఆ ఒక్క సైటే బాధ అయితే Site settings లో JavaScript తెరిచి, మినహాయింపుగా ఆ సైట్ అడ్రస్ ఇచ్చి బ్లాక్ చేయొచ్చు. పాట సాహిత్యం లాంటి ఉత్త అక్షరాల పేజీకి స్క్రిప్టుతో పనేమీ లేదు. పొర వేసేది స్క్రిప్టే కాబట్టి పొర కూడా ఉండదు. పిన్ని ఫోన్‌లో ఇదే చేశాం. పేజీ మళ్లీ తెరిస్తే కొన్ని బొమ్మలు రాలేదు, మెనూ తెరుచుకోలేదు, పాట మాత్రం మొత్తం ఉంది, ఎక్కడ తాకినా కదల్లేదు. లాగిన్, చెల్లింపు ఉన్న సైట్లకి ఇలా చేయకూడదు, అవి పనిచేయడం మానేస్తాయి.

చాలా సైట్లతో ఇదే గోల అయితే ప్రకటనల్ని అడ్డుకునే బ్రౌజర్ మేలు. ఫోన్‌లోని క్రోమ్‌కి ఎక్స్‌టెన్షన్లు వేసుకునే వీలు లేదు. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌కి ఉంది, అందులో uBlock Origin వేసుకోవచ్చు. బ్రేవ్‌లో అడ్డుకోవడం ముందే కలిసి ఉంటుంది. ఐఫోన్ సఫారీకి కంటెంట్ బ్లాకర్లని యాప్ స్టోర్ నుంచి తెచ్చుకుని సెట్టింగుల్లో ఆన్ చేయాలి.

మూడోది ఫోన్ మొత్తానికి పనిచేసేది. ఆండ్రాయిడ్ 9 నుంచి నెట్‌వర్క్ సెట్టింగుల్లో Private DNS అని ఉంటుంది. అందులో ప్రకటనల్ని వడకట్టే డీఎన్ఎస్ పేరు ఇవ్వొచ్చు. ఉదాహరణకి ఇది:

```
dns.adguard-dns.com
```

డీఎన్ఎస్ అంటే సైట్ పేరుని దాని నంబరుగా మార్చి చెప్పేది. తెలిసిన ప్రకటనల సర్వర్ పేరు అడిగితే ఇది నంబరు చెప్పదు, ప్రకటన రాదు. అయితే దీనికి హద్దులున్నాయి. ప్రకటన కూడా అసలు సైట్ పేరు మీదే వస్తే ఇది ఆపలేదు, పేరు ఒకటే కాబట్టి. మీరు చూసే సైట్ల పేర్లన్నీ ఆ డీఎన్ఎస్ నడిపేవారికి చేరతాయి, అది మీకు ఇష్టమో కాదో చూసుకోవాలి. బయట ఎక్కడైనా లాగిన్ పేజీ చూపించే వైఫైకి కలిసినప్పుడు ఆ పేజీ తెరుచుకోకపోవచ్చు. అప్పుడు కాసేపు Automatic కి మార్చి, లాగిన్ అయ్యాక మళ్లీ పెట్టుకోవాలి. పిన్నికి ఈ మార్చడాలు కుదరవని నేను దీని జోలికి వెళ్లలేదు.

బ్రౌజర్ తెరవకుండానే, హోమ్ స్క్రీన్ మీద ఉండగా నిండు స్క్రీన్ ప్రకటనలు వస్తుంటే మాత్రం పైన చెప్పిన బ్రౌజర్ సెట్టింగులేవీ పనిచేయవు. అది సైట్ పని కాదు, ఫోన్‌లోకి చేరిన ఏదో యాప్ పని. ప్రకటన ఉండగానే ఇటీవలి యాప్‌ల తెర తెరిస్తే అది ఎవరిదో చాలాసార్లు బయటపడుతుంది. ఆ యాప్‌నే తీసేయాలి.

తుడవాల్సింది ఎంత?

చివరికి డేటా. ఇక్కడ పిన్ని "అన్నీ తుడిచెయ్" అంది. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే అన్నీ తుడిస్తే బ్యాంకు, మెయిల్, టికెట్లు, అన్నింట్లోంచీ బయటికి వచ్చేస్తుంది. అప్పుడు పాస్‌వర్డ్‌లన్నీ మళ్లీ నేనే వెతికి పెట్టాలి.

సైట్ మీ ఫోన్‌లో దాచేవి రకరకాలు. కుకీలు అంటే మీరెవరో గుర్తుపట్టే చీటీలు, లాగిన్ వీటిమీదే నిలబడుతుంది. లోకల్ స్టోరేజ్ లాంటివి సైట్ రాసుకునే నోట్సు. సర్వీస్ వర్కర్ సంగతి చెప్పుకున్నాం. Delete browsing data తెరలో ఇవన్నీ Cookies and site data అనే గడి కిందకి వస్తాయి. Cached images and files వేరు, అవి పేజీ త్వరగా తెరవడానికి దాచిన బొమ్మలు, ఫైళ్లు. తుడిస్తే నష్టం లేదు, మళ్లీ దిగుతాయి, కాస్త డేటా ఖర్చవుతుంది, అంతే. నోటిఫికేషన్ అనుమతులు ఈ రెండింట్లోనూ లేవు. అవి Site settings అనే మరో గడిలో ఉన్నాయి. దానికి టిక్ పెడితే Allow లతో పాటు మీరు శ్రమపడి పెట్టిన Block లు కూడా పోతాయి, కెమెరా, మైక్, లొకేషన్ అనుమతులూ పోతాయి. Saved passwords గడి కూడా కనిపిస్తే, దాన్ని మాత్రం చూసుకోకుండా ముట్టుకోవద్దు. అకౌంట్‌తో సింక్ చేసుకుంటున్నవాళ్లకి హిస్టరీ, పాస్‌వర్డ్‌లు లాంటివి ఇక్కడ తుడిస్తే మిగతా పరికరాల్లోంచి కూడా పోతాయి.

అందుకని మేము సైట్‌కి సైట్ తీశాం. Site settings లో All sites తెరిస్తే ఏ సైట్ ఎంత దాచిందో కనిపిస్తుంది. bahumati కుటుంబాన్ని, పీడీఎఫ్ సైట్‌ని, పేరు చూస్తే ఏమిటో తెలియని మరో నాలుగింటిని ఒక్కొక్కటే తెరిచి డేటా తీసేశాం. బటన్ మీద మాటలు వెర్షన్‌ని బట్టి మారతాయి కానీ, డేటాని తీసి అనుమతుల్ని మొదటికి తెచ్చే అర్థంతోనే ఉంటాయి. పై స్విచ్ అప్పటికే ఆపి ఉంది కాబట్టి మొదటికి తెచ్చినా భయం లేదు. మొత్తం పది నిమిషాలు పట్టింది, పిన్ని ఒక్క చోట కూడా లాగౌట్ అవలేదు.

డేటా తుడవడం ప్రకటనలకి మందు అనుకుంటే మాత్రం ఒకోసారి ఎదురు తిరుగుతుంది. చాలా సైట్లు "ఈ ఫోన్‌కి ఇవాళ ప్రకటన చూపించాం" అని ఒక కుకీలో రాసుకుంటాయి, రోజుకొకసారే మళ్లిస్తాయి. ఆ చీటీ చించేస్తే మీరు కొత్తగా వచ్చిన మనిషి, మళ్లీ మొదటి ప్రకటన నుంచీ చూడాలి. నోటిఫికేషన్ల విషయంలోనూ ఇంతే. కొన్ని సైట్లు బ్రౌజర్ పెట్టె కంటే ముందు తమ సొంత పెట్టె గీసి చూపిస్తాయి, "తాజా సమాచారం కావాలా? సరే / తర్వాత" అని. అసలు పెట్టెలో ఒకసారి Block అంటే మళ్లీ అడిగే దారి ఉండదు కాబట్టి, ముందు దీంతో మన మనసు తెలుసుకుంటాయి. "తర్వాత" అన్న మాటని సైట్ తన డేటాలోనే రాసుకుంటుంది. అది తుడిస్తే ఆ పెట్టె మళ్లీ ప్రత్యక్షం. ఈ గీసిన పెట్టెని Notifications స్విచ్ ఆపలేదు, అది పేజీలో ఒక బొమ్మలాంటిది. కాకపోతే స్విచ్ ఆపి ఉంటే అందులో "సరే" అన్నా ఏమీ జరగదు.

ఊరూ పేరూ తెలియని సైట్ ఏదైనా చూడాల్సి వస్తే ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లో తెరవమని పిన్నికి చెప్పాను. ఇన్‌కాగ్నిటోలో క్రోమ్ నోటిఫికేషన్ అనుమతి ఇవ్వదు, కిటికీలన్నీ మూయగానే ఆ సైట్ దాచుకున్నది కూడా పోతుంది. పొర వేసి మళ్లించే ప్రకటనలు మాత్రం అక్కడా వస్తాయి.

నాలుగో రోజు పిన్ని మళ్లీ ఫోన్ చేసింది. "మళ్లీ వచ్చింది రా, ఒకటే వచ్చింది." నొక్కకుండా స్క్రీన్‌షాట్ తీసి పంపమన్నాను. ఎర్ర త్రిభుజం అదే, 4 వైరస్‌లు అవే, అడ్రస్ కూడా అదే కుటుంబం. కానీ పక్కన ఉన్న బ్రౌజర్ పేరు క్రోమ్ కాదు, ఫోన్‌తో పాటు వచ్చిన ఇంకో బ్రౌజర్. అనుమతుల అర ఒక్కో బ్రౌజర్‌కి ఒక్కొక్కటి విడిగా ఉంటుంది. నేను క్రోమ్‌ని చూసి, దాన్ని మరిచిపోయాను. ఆ రాత్రి ఫోన్‌లోనే చెబుతుంటే ఆమే దాని సెట్టింగుల్లోకి వెళ్లి, జాబితాలో ఉన్న ఒకే ఒక్క సైట్‌ని తీసేసింది.